బోర్లించిన గాజు గ్లాసు, ఒకే ఒక్క ‘జె’: విశాఖపట్నం నుంచి ఒక కేసు

ఈ కేసులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదని నా నమ్మకం. రాయడానికి కారణం కూడా అదే. చనిపోయినవారితో మాట్లాడిస్తామనే బృందాల ప్రస్తావన వస్తే సగం మంది మహిమ అంటారు, మిగతా సగం మంది దొంగాట అంటారు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఎక్కువమంది ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటారు. వాళ్ళకు పనికొచ్చే వివరణ అక్కడే దొరకాలి. కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. వాళ్ళను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ఆమెకు యాభై నాలుగేళ్ళు, ఊరు గాజువాక. ఇరవై నాలుగేళ్ళ కొడుకు రాత్రి షిఫ్టు ముగించుకుని వస్తూ అగనంపూడి దగ్గర జాతీయ రహదారి మీద బైకు ప్రమాదంలో చనిపోయాడు. అది జరిగిన ఎనిమిది నెలలకు ఆమె పెద్ద కూతురు నా దగ్గరికి తీసుకొచ్చింది. కూతురి ఫిర్యాదు ఒక్కటే: “అమ్మ శనివారం కోసమే బతుకుతోంది మేడమ్. మిగతా ఆరు రోజులూ మాతో మాట్లాడదు.”

శనివారం అంటే ఎం.వి.పి. కాలనీలోని ఒక ఫ్లాటులో జరిగే కూటమి. ఆ ఇంటావిడ కొన్నేళ్ళ క్రితం భర్తను పోగొట్టుకున్న మనిషి. అందరూ ఆమెను ‘అమ్మ’ అనే పిలుస్తారు. డబ్బు తీసుకోదు. వచ్చినవాళ్ళు పళ్ళో, అగరువత్తుల పెట్టెలో తెస్తే దేవుడి దగ్గర పెడుతుంది. ముందు తానే కళ్ళు మూసుకుని, వచ్చిన ఆత్మ తరఫున మాట్లాడుతుంది. తరువాత క్యారమ్‌ బోర్డు తెస్తారు. అంచుల వెంట ఇంగ్లీషు అక్షరాల కాగితం ముక్కలు, కుడివైపు ‘అవును’, ఎడమవైపు ‘కాదు’. బోర్డు మీద బోరిక్‌ పౌడరు చల్లి, కర్పూరం పొగ పట్టిన గాజు గ్లాసును బోర్లిస్తారు. నలుగురు దాని మీద తలొక వేలు ఆనిస్తారు. తెలుగు కుటుంబాలకు ఇంగ్లీషు అక్షరాలు ఎందుకంటే, గుణింతాలూ ఒత్తులూ అన్నీ పెడితే బోర్డు సరిపోదు. ఈ చిన్న ఇబ్బందే తరువాత నాకు ఈ కేసులో పెద్ద ఆధారమైంది.

ఆమెను అక్కడికి మొదట తీసుకెళ్ళింది ఆమె తమ్ముడు. మేనల్లుణ్ణి ఎత్తుకు పెంచిన మనిషి. అక్కను తీసుకెళ్ళడానికి ముందే మూడు శనివారాలు తాను వెళ్ళి వచ్చాడు.

మొదటి రోజు ఆమె నాతో గట్టిగా ఒక మాట అంది. “నేను నోరు విప్పకముందే అన్నీ చెప్పింది మేడమ్. తలకు దెబ్బ తగిలిందని చెప్పింది. మా తమ్ముడి పేరు చెప్పింది. నీలం చొక్కా చెప్పింది. మా మేనకోడలి పెళ్ళి ఆగిపోయిందని చెప్పింది. బుజ్జి అని పిలిచింది.” నేను ఖండించలేదు. గుర్తున్నవన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వమన్నాను. రాశాక అడిగాను, ఆ రోజు మాటలు ఎవరైనా రికార్డు చేశారా అని. తమ్ముడి ఫోనులో ఇరవై రెండు నిమిషాల రికార్డింగు ఉంది.

ఇక్కడ వరస ముఖ్యం. జ్ఞాపకాన్ని ముందు కాగితం మీద పెట్టించి, ఆ తరువాతే రికార్డింగు వినాలి. ముందే వింటే జ్ఞాపకం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. అప్పుడు రెంటినీ పోల్చి చూసే అవకాశమే పోతుంది. ఎస్‌.జె. డేవీ అనే ఆయన ఇంగ్లండులో ఇదే విషయాన్ని పరీక్షించాడు, ఆ ఫలితాలు 1887లో అచ్చయ్యాయి. ఆత్మలకూ మనుషులకూ మధ్యవర్తులమనే మీడియంలు, ఆత్మలు పలకల మీద రాస్తాయని చెప్పుకుంటున్న రోజులవి. డేవీ వట్టి చేతివాటంతో పలకల మీద రాతలు రప్పించి, చూసినవాళ్ళచేత ఏం జరిగిందో రాయించాడు. చదువుకున్నవాళ్ళు, నిజాయితీపరులు. అయినా జరగనివి జరిగినట్టు రాశారు, జరిగినవి వదిలేశారు, ముందు వెనకలు తారుమారు చేశారు. పలక మధ్యలో కాసేపు చేతులు మారిందన్న సంగతే వాళ్ళ రాతల్లో కనబడదు. మహిమ అంతా ఆ కాసేపట్లోనే ఉంది.

రికార్డింగును నేను మాట మాటా కాగితం మీద పెట్టాను. మొదటి రెండు నిమిషాలు ఇలా ఉన్నాయి.

“మగమనిషి వస్తున్నాడు తల్లీ. చిన్నవయసు. నాకు ఇక్కడ బరువుగా ఉంది. ఛాతీయా… పైనా?”

“తలమ్మా. తలకే తగిలింది.”

“అవును, తలే చూపిస్తున్నాడు. ఆ క్షణంలో నొప్పి తెలియలేదంటున్నాడు. ‘స’ అక్షరంతో ఎవరో దగ్గరివాళ్ళు… బతికున్నవాళ్ళే…”

“మా తమ్ముడమ్మా! ఇదిగో, పక్కనే ఉన్నాడు.”

తల్లి కాగితం మీద ‘తలకు దెబ్బ అని చెప్పింది’ అని ఉంది. రికార్డింగులో తల అన్న మాట ముందుగా పలికింది తల్లే. దీన్ని కోల్డ్‌ రీడింగ్‌ అంటారు. అడిగేవారు ఒక వలలాంటి మాట వేస్తారు, వినేవారు అందులో తమ చేపను తామే వేస్తారు, తరువాత దాన్ని అడిగినవారు పట్టినట్టు గుర్తుంటుంది. చెప్పేవారికి ఇది తెలిసి ఉండాల్సిన పని లేదు. ఎదుటి మనిషి ముఖంలో మెరుపు ఎక్కడ వస్తే అక్కడ ఆగడం ఏళ్ళ తరబడి అలవాటైతే, ఆ అలవాటును దైవశక్తిగా పొరబడటం సులువు. ఈ ఇంటావిడ విషయంలో జరిగింది అదేనని నేను అనుకుంటున్నాను.

మొత్తం ఇరవై రెండు నిమిషాల్లో కొడుకు గురించిన వాక్యాలు నలభై ఏడు. అందులో ఇరవై ఆరు ప్రశ్నలు, లేదా ప్రశ్న స్వరంలో సాగదీసి వదిలినవి. పదమూడు ఎవరికైనా సరిపోయేవి: ‘అమ్మ ఏడవొద్దంటున్నాడు’, ‘చెప్పాల్సిన మాట మిగిలిపోయిందంటున్నాడు’. అయిదు తప్పు. నడుము నొప్పితో బాధపడే తాతగారు పక్కన ఉన్నారన్నది అందులో ఒకటి. ఆ అబ్బాయి తాతలిద్దరూ ఇంకా బతికే ఉన్నారు. ఈ అయిదింటిలో ఒక్కటి కూడా తల్లి కాగితం మీద లేదు. కచ్చితంగా, ముందుగా చెప్పి, నిజమైనవి మూడు మిగిలాయి: ‘స’ అక్షరం, నీలం చొక్కా, ఆగిన పెళ్ళి.

ఈ మూడింటినీ తేలిగ్గా కొట్టిపారేయకూడదు. విమర్శకులు చేసే పొరపాటు ఇక్కడే. కుటుంబానికి వణుకు పుట్టించినవి ఈ మూడే. వీటికి జవాబు చెప్పకుండా మిగతా నలభై నాలుగింటి గురించి ఎంత చెప్పినా వాళ్ళ చెవికెక్కదు.

‘స’ తేలిక. తమ్ముడు మూడు వారాలుగా అక్కడికి వెళ్తున్నాడు, పేరు అందరికీ తెలుసు. తల్లికి ఈ సంగతి తెలుసు కానీ ఆ క్షణంలో తట్టలేదు. పెళ్ళి సంగతి నాకు బాగా ఆలోచించాకే అర్థమైంది. ఇంటావిడ అన్న మాట ‘ఇంట్లో శుభకార్యం ఒకటి ఆగింది’. ఏడాది తిరగకుండా శుభకార్యం చేయని మన కుటుంబాల్లో, ఏటిసూతకం ఉన్న ఇంట్లో, ఆగిపోయిన శుభకార్యం లేని ఇల్లు ఎక్కడుంది? పెళ్ళి కాకపోతే గృహప్రవేశం, అదీ కాకపోతే పుట్టువెంట్రుకలు. ‘పెళ్ళి’, ‘మేనకోడలు’ అన్న మాటలు తల్లి నోటి నుంచే వచ్చాయి. పరదేశపు పుస్తకాల్లో ఉన్న కోల్డ్‌ రీడింగ్‌ జాబితాలు ఇక్కడ సరిపోవని ఈ ఒక్క వాక్యం నాకు నేర్పింది. మన ఇళ్ళలో ఎవరికైనా సరిపోయే మాటలేవో మన ఆచారాలు తెలిసినవాళ్ళే చెప్పగలరు.

నీలం చొక్కా దగ్గర నేను ఆగిపోయాను. కొడుకు నీలం చొక్కా ఫొటో తల్లి వాట్సాప్‌లో ప్రొఫైల్‌ బొమ్మగా ఉంది. ఆమె నంబరును తమ్ముడు ముందే కూటమి గ్రూపులో చేర్చాడు. ఇంటావిడ ఆ ఫొటో చూసి ఉండవచ్చు. చూసి మరిచిపోయి, అది కళ్ళ ముందుకు వచ్చినప్పుడు ఆత్మ చూపించిందనుకుని ఉండవచ్చు. అసలు చూడకపోయి ఉండవచ్చు కూడా; కుర్రవాళ్ళ దగ్గర నీలం చొక్కా అరుదు కాదు. ఇందులో ఏది నిజమో తేల్చే ఆధారం నా దగ్గర లేదని తల్లికి అలాగే చెప్పాను. ఆమె నన్ను మొదటిసారి నమ్మింది అప్పుడేనని తరువాత కూతురు చెప్పింది.

మిగిలింది ‘బుజ్జి’. అది ఇంటావిడ నోటి నుంచి రాలేదు, గ్లాసు నడిచి చూపించింది. కొడుకును ఇంట్లో తప్ప బయట ఎవరూ ఆ పేరుతో పిలవరు. తల్లి ఆ రోజు ఏడుస్తూ పక్కన కూర్చుంది, గ్లాసు మీద వేలు పెట్టలేదు. వేళ్ళు ఇంటావిడవి, తమ్ముడివి, తెలియని దంపతులవి. తమ్ముడు వచ్చిన అక్షరాలను ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. ఆ పుస్తకం తెప్పించి చూశాను. బి, యు, జె, ఐ. ‘జె’ ఒక్కటే.

ఆ పేరును ఇంగ్లీషులో రాయమని తల్లికీ తమ్ముడికీ వేరువేరు గదుల్లో కాగితాలు ఇచ్చాను. తల్లి రెండు ‘జె’లు రాసింది. కొడుకు తన సందేశాల చివర పెట్టుకున్న పేరులోనూ రెండు ‘జె’లే. తమ్ముడు ఒకటే రాశాడు. అతని ఫోనులో మేనల్లుడి నంబరు కూడా ఒక్క ‘జె’తోనే ఉంది. చనిపోయిన కుర్రవాడు తన పేరును మేనమామ రాసినట్టు రాశాడు.

తమ్ముడు గ్లాసును నెట్టాడా అంటే, నెట్టాడు. నెడుతున్నానని అతనికి తెలుసా అంటే, తెలియదు. మనసులో ఒక కదలికను ఊహించుకున్నా, ఎదురుచూసినా కండరాలు దాన్ని మన ఎరుక లేకుండానే కొద్దిగా చేసేస్తాయి. 1852లో ఇంగ్లండు శరీరధర్మ శాస్త్రవేత్త విలియం కార్పెంటర్‌ దీనికి ఐడియోమోటార్‌ చర్య అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాది మైకేల్‌ ఫారడే, ఆత్మల వల్ల బల్లలు తిరుగుతున్నాయని లండనంతా ఊగిపోతున్న సమయంలో, చేతులకూ బల్లకూ మధ్య అట్టముక్కలు పేర్చి వాటి మధ్య మెత్తని జిగురు పెట్టాడు. బల్ల ముందు కదిలితే కింది అట్టలు ముందుకు జరగాలి. చేతులు ముందు కదిలితే పైవి జరగాలి. పైవే జరిగాయి. తరువాత చేతుల ఒత్తిడి ఎటు పోతోందో చూపించే పుల్ల ఒకటి అమర్చాడు. అది కూర్చున్నవాళ్ళ కళ్ళకు కనబడేలా ఉన్నంతసేపు బల్ల కదలలేదు. నలుగురు కూర్చున్నప్పుడు ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురి కదలికను అనుభవిస్తారు కాబట్టి, గ్లాసు తనంతట తానే పోతోందన్న భావన ఇంకా గట్టిపడుతుంది. పౌడరు చల్లిన క్యారమ్‌ బోర్డుకు ఆ కొద్దిపాటి ఒత్తిడి చాలు.

ఇంతవరకు బాగానే నడిచింది. తరువాత చేసింది నా తప్పు.

గాజువాకలో వాళ్ళింట్లోనే ఒక పరీక్ష పెట్టాను. తల్లి, తమ్ముడు, తమ్ముడి కూతురు గ్లాసు మీద వేళ్ళు పెట్టారు. మొదట కళ్ళు తెరిచి. గ్లాసు చక్కగా నడిచింది. తరువాత ముగ్గురి కళ్ళకూ తువ్వాళ్ళు కట్టి, గ్లాసును కాసేపు చేత పట్టుకుని, బోర్డును చప్పుడు కాకుండా సగం తిప్పాను. ఇప్పుడు ‘కాదు’ కుడివైపుకు వచ్చింది. ‘ఈ ఊరు గాజువాకేనా’ లాంటి మామూలు ప్రశ్నలే అడగాలని ముందే చెప్పాను. కానీ గ్లాసు మీద వేలు పడగానే తమ్ముడు అలవాటుగా, “బుజ్జీ, ఉన్నావా నాన్నా?” అన్నాడు.

నేను అక్కడ ఆపాల్సింది. ఆపలేదు. గ్లాసు ఏ సందేహమూ లేకుండా కుడివైపుకు జారి అంచు దగ్గర ఆగింది. “అవునన్నాడు,” అంది తల్లి, తువ్వాలు ఇంకా కళ్ళ మీదే ఉంది. తువ్వాలు తీశారు. గ్లాసు ‘కాదు’ మీద ఉంది.

ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తల్లి కన్నా ముందు తమ్ముడు కుప్పకూలాడు. “అయితే ఇన్నాళ్ళూ నేనే నెట్టానా? వాడి పేరు పెట్టుకుని మా అక్కకు అబద్ధాలు చెప్పానా?” అని తల బాదుకున్నాడు. ఆత్మ సంగతి తేల్చడంలో పడి, ఆత్మ లేదని తేలితే ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందో నేను ఆలోచించలేదు. తల్లి గురించి ఎంతో జాగ్రత్త పడ్డాను, తమ్ముణ్ణి సాక్షిగా మాత్రమే చూశాను. అతనూ కొడుకును పోగొట్టుకున్నవాడే.

ఆ సాయంత్రం నేను అతని ఉంగరం తీయించి, దాన్ని జానెడు దారానికి కట్టి, మోచేయి బల్ల మీద ఆనించి పట్టుకోమన్నాను. కదిలించవద్దు, గుండ్రంగా తిరుగుతున్నట్టు ఊహించుకోండి చాలు అన్నాను. అర నిమిషంలో ఉంగరం వణికింది. నిమిషానికి గుండ్రంగా తిరిగింది. చెయ్యి నిలకడగానే ఉన్నట్టు కనబడింది, అతనికీ అలాగే అనిపించింది. ఇప్పుడు అటూ ఇటూ ఊగుతున్నట్టు ఊహించుకోండి అన్నాను. కాసేపు తడబడి, అటూ ఇటూ ఊగసాగింది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్‌ ఇదే లోలకంతో తనను తాను పరీక్షించుకుని, కళ్ళకు గంతలు కడితే ఆ ఊగుడు ఆగిపోవడం చూసి, ఆ సంగతి 1833లో భౌతిక శాస్త్రవేత్త ఆంపియర్‌కు ఉత్తరంగా రాశాడు. తమ్ముడు ఉంగరం వైపే చూస్తూ, “నేను ఏమీ చేయడం లేదు మేడమ్,” అన్నాడు. “ఆ రోజూ ఇంతే. మీరు ఏమీ చేయలేదు, కానీ మీ చెయ్యి చేసింది,” అన్నాను. అప్పుడు గాని అతని గొంతు మామూలు కాలేదు. ఇది పరీక్షకు ముందు జరగాల్సిన పని. ఇప్పుడు ఏ కుటుంబంతోనైనా ఉంగరం, దారంతోనే మొదలుపెడతాను. క్యారమ్‌ బోర్డు అవసరం చాలాసార్లు రాదు.

తల్లి దారి వేరు. ఆమె బోర్డును చూసి ఏడవలేదు, ఆలోచించింది. రెండు వారాల తరువాత తనంతట తానే ఒక పరీక్ష కట్టుకుంది. కొడుకు ఫోను తాళం నంబరు ఎవరికీ తెలియదు. అందులో ఫొటోలున్నాయి. శనివారం వెళ్ళి గ్లాసును ఆ నాలుగు అంకెలు అడిగింది. గ్లాసు అంకెలు ఇచ్చింది. ఇంటికొచ్చి నొక్కితే ఫోను తెరుచుకోలేదు. తరువాతి వారం మళ్ళీ అడిగితే వేరే అంకెలు వచ్చాయి. అవీ కావు. ఆత్మలకు లోకపు లెక్కలు గుర్తుండవని ఇంటావిడ ఓదార్పుగా అంది. తల్లి నాతో చెప్పింది: “నా బిడ్డకు నేను వండే ప్రతి కూర గుర్తుందన్నారు. రోజుకు వందసార్లు నొక్కిన నంబరు గుర్తులేదంటే ఎలా మేడమ్?” గ్లాసు మీద వేళ్ళున్న ఎవరికీ తెలియని సంగతి అడగడం, జవాబు తప్పో ఒప్పో తరువాత తేల్చుకోవడానికి వీలుండటం: ఇంతకన్నా మంచి పరీక్షను నేనూ కట్టలేకపోయేదాన్ని.

దీని పరిధి కూడా చెప్పాలి. గ్లాసుకూ ఆ ఇరవై రెండు నిమిషాలకూ ఆత్మ అవసరం లేని వివరణ ఉందని మాత్రమే ఈ పని చూపించింది. మరణం తరువాత ఏముందన్న ప్రశ్నను ఇది ముట్టుకోదు, తల్లి అడిగినప్పుడు అలాగే అన్నాను. మీడియంల మీద, ఎవరి కోసం చెబుతున్నారో వాళ్ళకు తెలియకుండా, విన్నవాళ్ళకూ ఏది తమదో తెలియకుండా చేసిన ప్రయోగాలు ఉన్నాయి. బ్రిటన్‌లో ఒకీఫ్‌, వైజ్‌మన్‌ అనే పరిశోధకులు అయిదుగురు మీడియంలతో అలా చేసి 2005లో ప్రకటించిన ఫలితం గుడ్డి ఊహను దాటలేదు. దాటిందని ప్రకటించిన అమెరికా బృందమూ ఉంది. ఆ ఫలితాల మీద విమర్శకులకు అభ్యంతరాలున్నాయి. నా ముందున్న కుటుంబానికి మాత్రం ఆ చర్చ తేలేదాకా ఆగే వ్యవధి లేదు.

ఒక సంగతి తల్లి చాలా ఆలస్యంగా చెప్పింది. కూటమికి వెళ్ళకముందే, తెల్లవారుజామున వాకిట్లో బైకు ఆగిన చప్పుడూ, “అమ్మా, తలుపు” అన్న గొంతూ రెండు మూడుసార్లు వినిపించాయి. పిచ్చి పడుతోందనుకుని భయపడింది. ఆ భయమే ఆమెను ఫ్లాటుకు నడిపించింది, అక్కడ ‘అది నిజంగా వాడే’ అన్నారు, భయం పోయింది. 1971లో అచ్చయిన ఒక అధ్యయనంలో, వేల్స్‌లో డెవీ రీస్‌ అనే వైద్యుడు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగితే, దాదాపు సగం మంది పోయినవారి ఉనికిని ఏదో ఒక రూపంలో అనుభవించామన్నారు. చాలామంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. ఈ సంగతి చెప్పగానే ఆమె ముఖం తేలికపడటం చూశాను. పిచ్చి కాదని ఎనిమిది నెలల క్రితమే ఎవరైనా చెప్పి ఉంటే ఆమె శనివారాలు ఎలా గడిచేవో!

సంవత్సరీకం అయ్యాక చివరిసారి కలిశాం. నిద్ర కుదుటపడింది, ఇంట్లో వాళ్ళతో మాట్లాడుతోంది. మేనకోడలి పెళ్ళికి ముహూర్తం పెట్టారు. నెలకొకసారి ఆ ఫ్లాటుకు వెళ్తూనే ఉంది. అక్కడ కొడుకును పోగొట్టుకున్న మరో తల్లి ఉందట, ఇద్దరూ వంటింట్లో కూర్చుని మాట్లాడుకుంటారట. బోర్డు తెచ్చినప్పుడు ఆమె లేచి టీ పెడుతుంది. కొడుకు ఫోను ఇంకా తెరుచుకోలేదు. ప్రతి ఆదివారం ఛార్జింగు పెడుతోంది.